పెట్టె బరువు తగ్గితే మిగిలేదెంత, అది ఎవరిది?

పచ్చళ్లు, కారప్పొడులు, మసాలాలు తయారుచేసే మధ్యతరహా సంస్థలు ఖర్చు తగ్గించుకోవాలనుకున్నప్పుడు ముందుగా చూసేవాటిలో అట్టపెట్టె ఒకటి. లోపలి సరుకు నాణ్యతను ముట్టుకోనక్కరలేదు, వినియోగదారుకు తేడా కనిపించదు, పైగా ఐదు పొరల పెట్టెలో కాగితం అవసరానికి మించి ఉందన్న అనుమానం చాలాచోట్ల నిజమే అవుతుంది. పెట్టెను తేలిక చేసి, మిగిలిన డబ్బును పెట్టెలు తయారుచేసే సరఫరాదారుతో సగం సగం పంచుకుందామన్న ప్రతిపాదన మాటల్లో ఎంతో న్యాయంగా వినిపిస్తుంది. అయినా ఇలాంటి ఒప్పందాలు ఏడాది తిరిగేసరికి నీరుగారిపోవడం సాధారణం. అందుకు కారణం సాధారణంగా ఎవరి దురుద్దేశమూ కాదు. ‘మిగిలిన డబ్బు’ అంటే ఏమిటో మొదట్లోనే సరిగా లెక్క కట్టకపోవడమే అసలు కారణం.

ఈ ఆలోచన కొత్తది కాదు. 1947లో అమెరికాలోని జనరల్ ఎలక్ట్రిక్ సంస్థలో లారెన్స్ మైల్స్ వాల్యూ ఎనాలిసిస్ పద్ధతిని రూపొందించినప్పటి నుంచి, వస్తువు చేయవలసిన పని చెడకుండా దాని ఖర్చును మాత్రం తగ్గించే ప్రయత్నానికి ఒక క్రమం ఏర్పడింది. అమెరికా ప్రభుత్వ కొనుగోలు నిబంధనల్లో, గుత్తేదారు తనంతట తాను ఇలాంటి మార్పును సూచించి అది ఆమోదం పొందితే ఆదాలో వాటా ఇచ్చే ఏర్పాటు చాలాకాలంగా ఉంది. క్రైస్లర్ కార్ల సంస్థ కూడా తన సరఫరాదారుల సూచనలతో మిగిలిన డబ్బును వారితో పంచుకునే పథకాన్ని నడిపింది. అయితే అట్టపెట్టె విషయంలో ఒక చిక్కు అదనంగా ఉంటుంది. కారు విడిభాగాల తయారీదారు తన భాగానికి తక్కువ ఇనుము వాడితే అతని అమ్మకం తగ్గనక్కరలేదు. పెట్టెల తయారీదారు అమ్మేది మాత్రం కాగితం బరువునే కాబట్టి, పెట్టె తేలికైతే అతని వ్యాపారమే తేలికవుతుంది.

లెక్క తేటపడడానికి ఒక పెట్టెను తీసుకుందాం. ఇందులోని ధరలు వివరణ కోసం అనుకున్నవే. ఎవరి ధరలు వారు వేసుకోవచ్చు. 300 గ్రాముల పచ్చడి పట్టే గాజుసీసాలు 24 పెట్టే ఐదు పొరల పెట్టె అది. నిండిన పెట్టె బరువు 12 కిలోలు, దానికి పట్టే అట్ట 0.665 చదరపు మీటర్లు. ప్రస్తుతం ఐదు పొరలూ చదరపు మీటరుకు 150 గ్రాముల క్రాఫ్ట్ కాగితమే, అంటే వాడుకలో 150 జీఎస్‌ఎమ్. దాని చిట్లుడు బలం 18 బీఎఫ్. అలల్లా మడతపడే రెండు ఫ్లూట్ పొరలకు కాగితం సుమారు 1.4 రెట్లు పడుతుంది కాబట్టి, ఖాళీ పెట్టె బరువు సుమారు 580 గ్రాములు తేలుతుంది. ప్రతిపాదన ఏమిటంటే, పైపొరను 150 జీఎస్‌ఎమ్‌లోనే ఉంచి మిగతా నాలుగింటినీ 120కి తగ్గించడం, కాగితాన్ని మాత్రం అంతటా 22 బీఎఫ్‌కు పెంచడం. అప్పుడు పెట్టె సుమారు 480 గ్రాములకు వస్తుంది.

వంద గ్రాములంటే బరువులో 17 శాతం తగ్గింది. దీన్ని చూసి ధర కూడా 17 శాతం తగ్గాలని అడగడం తొలి పొరపాటు. బలమైన కాగితానికి ధర ఎక్కువ. 18 బీఎఫ్ కాగితం కిలో 34 రూపాయలు, 22 బీఎఫ్ 37 రూపాయలు అనుకుంటే, పాత పెట్టెలో కాగితం ఖర్చు 19.72 రూపాయలు, కొత్త పెట్టెలో 17.76 రూపాయలు. కాగితంపై నిజంగా మిగిలింది పెట్టెకు 1.96 రూపాయలు, అంటే పదిశాతం దగ్గర.

రెండో పొరపాటు ఇంతకంటే ప్రమాదకరమైనది, ఎందుకంటే అది లెక్క వేసిన పద్ధతిలోనే దాగి ఉంటుంది. పెట్టెల వ్యాపారంలో ధరను సాధారణంగా రెండు భాగాలుగా కడతారు: కాగితం ఖర్చు ఒకటి, కిలోకు ఇంత అని వేసే తయారీ ఖర్చు రెండోది. వాడుకలో కన్వర్షన్ అనే ఈ రెండో భాగంలోనే కరెంటు, బంక, కూలి, యంత్రాల వాయిదాలు, తయారీదారు లాభం అన్నీ ఇమిడి ఉంటాయి. అది కిలోకు 12 రూపాయలైతే పాత పెట్టెకు 6.96 రూపాయలు, మొత్తం ధర 26.68 రూపాయలు. ఇదే సూత్రాన్ని కొత్త పెట్టెకు వర్తింపజేస్తే కన్వర్షన్ 5.76 రూపాయలకు, మొత్తం ధర 23.52 రూపాయలకు పడిపోతుంది. కొనుగోలు విభాగానికి పెట్టెకు 3.16 రూపాయలు మిగిలినట్టు కనిపిస్తుంది, దాన్ని సగం పంచుకుందామంటే ఉదారంగా కూడా అనిపిస్తుంది.

కానీ కాగితం పలచబడినంత మాత్రాన యంత్రం వేగం పెరగదు. అన్ని మీటర్ల అట్టనే అతికించాలి, అన్ని పెట్టెలనే కోసి, ముద్రించి, కుట్టాలి. బంక ఖర్చు అట్ట విస్తీర్ణాన్ని బట్టి ఉంటుందే తప్ప దాని బరువును బట్టి కాదు. అందువల్ల 3.16లో 1.20 రూపాయలు ఆదా కావు. తయారీదారు కూలి నుంచీ లాభం నుంచీ తీసి ఇవతల వేసినవి. ఆ 3.16ను సగం పంచితే అతని చేతికి వచ్చేది 1.58 రూపాయలు, అందులో 1.20 తన సొమ్మే తనకు తిరిగి రావడం. అతనికి నికరంగా దక్కింది 38 పైసలు, కొనేవారికి దక్కింది 1.58. ఈ లెక్క అతను ఆ రోజు పైకి చెప్పకపోవచ్చు, కానీ అతని చిట్టాలో అది తప్పకుండా కనిపిస్తుంది. ఇక పోయిన డబ్బును రాబట్టుకోవడానికి అతనికి మిగిలిన దారి కాగితంలోనే ఉంది: 22 బీఎఫ్ అని చెప్పి 20 వాడడం, లోపలి పొరల్లో 120కి బదులు 110 వేయడం. అది తేమకాలంలో గోదాములో బయటపడుతుంది, అప్పుడు నష్టం రూపాయల్లో కాదు, లారీల్లో ఉంటుంది.

కాబట్టి ప్రతిపాదనలో మొదటి వాక్యమే ఇలా ఉండాలి: కన్వర్షన్‌ను కిలో లెక్క నుంచి తప్పించి, పెట్టెకు 6.96 రూపాయలుగా స్థిరపరుస్తున్నాం. పంచుకునేది కాగితంపై మిగిలిన 1.96 రూపాయలను మాత్రమే. సగం సగమైతే ధర 25.70 రూపాయలకు వస్తుంది. కొనేవారికి పెట్టెకు 98 పైసలు, తయారీదారుకు అతని పాత సంపాదనపై మరో 98 పైసలు. ఏడాదికి 2 లక్షల పెట్టెలు కొనే సంస్థకు ఇది 1.96 లక్షల రూపాయలు. ముందు అనుకున్నదానికంటే ఇది చిన్న మొత్తమే, కానీ ఇది నిలిచే మొత్తం.

ఈ లెక్కలన్నిటికీ పునాది పాత పెట్టె బరువు. ఆ బరువు నిజంగా 580 గ్రాములేనా అన్నది ప్రతిపాదన రాయడానికి ముందే తేల్చుకోవాలి. ఒప్పందంలో 150 జీఎస్‌ఎమ్ అని ఉన్నా, ఏళ్లు గడిచేకొద్దీ వస్తున్న పెట్టెలు 540 గ్రాములకు జారిపోయి ఉండడం అరుదేమీ కాదు. అలాంటప్పుడు వంద గ్రాముల ఆదాలో నలభై గ్రాములు ఎప్పుడో జరిగిపోయాయి, వాటికి డబ్బు మాత్రం కడుతూనే ఉన్నారు. చూసుకునే విధానం సులభం. వేర్వేరు లోడుల నుంచి పది పెట్టెలు తీసి తూచాలి. ఒక పెట్టె నుంచి కొలిచి కోసిన ముక్కను నీళ్లలో నానబెడితే పొరలు విడిపోతాయి. ఒక్కో పొరను ఆరబెట్టి తూస్తే దాని జీఎస్‌ఎమ్ తెలుస్తుంది. వానాకాలంలో కాగితం తేమ పీల్చి బరువెక్కుతుంది కాబట్టి, ఎండాకాలపు తూకాన్ని వానాకాలపు తూకంతో పోల్చకూడదు. మన దేశంలో కాగితం పరీక్షలకు 27 డిగ్రీల వేడి, 65 శాతం గాలి తేమను ప్రమాణంగా పెట్టుకున్నది ఇందుకే.

తూకంలో తేడా కనిపిస్తే దాన్ని నేరారోపణగా మార్చకుండా మాట్లాడడం మంచిది. తూకం కాగితాలు బల్ల మీద పెట్టి, ఇవాళ నిజంగా వస్తున్న పెట్టెనే ఆరంభ స్థానంగా తీసుకుందామని ఇద్దరూ అంగీకరిస్తే చాలు. పాత బకాయిలు తవ్వాలనుకుంటే అది వేరే చర్చ. ఆ రెండు చర్చలనూ కలిపిన రోజున తేలిక పెట్టె ప్రతిపాదన అక్కడే ఆగిపోతుంది.

ఇక బలం సంగతి. ఇక్కడ పెట్టెల పరిశ్రమలో అందరికీ అలవాటైన కొలత ఒకటి దారి తప్పిస్తుంది. చిట్లుడు బలాన్ని లెక్క కట్టడానికి వాడుకలో ఉన్న పద్ధతి ప్రకారం, మడతల్లేని చదును పొరలైన లైనర్ల జీఎస్‌ఎమ్‌ను బీఎఫ్‌తో గుణించి వెయ్యితో భాగిస్తారు, ఫ్లూట్ పొరలకు అందులో సగం మాత్రమే కలుపుతారు. పాత పెట్టెకు అది చదరపు సెంటీమీటరుకు 10.8 కిలోలు, కొత్తదానికి 11.2. అంటే కాగితం తగ్గినా బలం పెరిగిందన్న మాట వస్తుంది, సరఫరాదారూ కొనేవారూ ఇద్దరూ సంతోషిస్తారు. కానీ చిట్లుడు బలం చెప్పేది, పెట్టె గోడను ఒకచోట పొడిస్తే ఎంతకు చిరుగుతుందన్నది. గోదాములో పెట్టె మీద పెట్టె పేర్చినప్పుడు అడుగు పెట్టె కూలుతుందా అన్నది పూర్తిగా వేరే ప్రశ్న. నిలబెట్టిన అట్ట అంచు ఎంత బరువుకు నలుగుతుందో చెప్పే అంచు నలుగుడు పరీక్ష దానికి జవాబిస్తుంది. 1963లో మెక్కీ, ఆయన సహచరులు ఇచ్చిన సూత్రం ఇప్పటికీ తొలి అంచనాకు పనికొస్తుంది:

```
BCT = 5.87 × ECT × √(h × Z)
```

ఇందులో ECT అంటే అంచు నలుగుడు బలం, h అట్ట మందం, Z పెట్టె చుట్టుకొలత, BCT పెట్టె మొత్తంగా తట్టుకునే బరువు. అది న్యూటన్లలో వస్తుంది, 9.81తో భాగిస్తే కిలోలవుతుంది. మందం వర్గమూలం కింద ఉంది, అంచు బలం మాత్రం నేరుగా గుణింపుగా ఉంది. మన పెట్టె చుట్టుకొలత 1500 మిల్లీమీటర్లు, మందం 6.5 మిల్లీమీటర్లు. ఫ్లూట్ పొరలు పలచబడినందువల్ల అంచు బలం మిల్లీమీటరుకు 7 న్యూటన్ల నుంచి 6కు తగ్గిందని పరీక్షలో తేలిందనుకుందాం. పెట్టె తట్టుకునే బరువు సుమారు 413 కిలోల నుంచి 354 కిలోలకు దిగుతుంది. చిట్లుడు బలం పెరిగిన పెట్టే నిలువు బరువుకు బలహీనపడింది.

ఇది చాలుతుందా? గోదాములో పది వరుసల ఎత్తు పేరిస్తే అడుగు పెట్టె మీద 9 పెట్టెలు, 108 కిలోలు పడతాయి. ప్రయోగశాలలో క్షణాల్లో కొలిచిన బలం నెలల తరబడి నిలవదు. గాలిలో తేమ 90 శాతానికి చేరితే అట్ట బలం దాదాపు సగానికి పడిపోతుంది. పెట్టెలను మూలకు మూల సరిగ్గా కాకుండా అడ్డదిడ్డంగా పేరిస్తే మరికొంత పోతుంది. ఇవన్నీ కలిపి మూడున్నర రెట్ల భద్రత పెట్టుకుంటే 378 కిలోలు కావాలి. పాత పెట్టె దాన్ని దాటింది, కొత్తది దాటలేదు. తొమ్మిది వరుసలకు తగ్గిస్తే కావలసింది 336 కిలోలే కాబట్టి కొత్త పెట్టె సరిపోతుంది. అంటే ఈ ఆదాకు ఒక షరతు ఉంది: పదో వరుస వేయకూడదు. గోదాములో పదో వంతు ఎత్తు వదులుకోవడం ఖర్చే. ఆ ఖర్చు కొనేవారిది, దాన్ని ఆదాలోంచి తీసి చూపడమే నిజాయితీ. గోదాములో ఖాళీ ఉన్న సంస్థకు ఇది సున్నా, అద్దె గోదాములో కిక్కిరిసి ఉన్న సంస్థకు 98 పైసలనూ మింగేసేంత కావచ్చు.

గాజుసీసాలే బరువు మోస్తాయి కదా, పెట్టె బలం ఎందుకన్న వాదన ఈ సందర్భంలో తరచుగా వస్తుంది. సీసాలు మోసేది నిజమే. పొడి ప్యాకెట్ల పెట్టెతో పోలిస్తే సీసాల పెట్టెకు కొంత వెసులుబాటు ఉంది కూడా. కానీ పెట్టె గోడ వంగిన తర్వాత ఆ బరువు మూతల మీద పడుతుంది. పచ్చడి విషయంలో మూత కింద ఉన్నది నూనె. కొద్దిగా కారినా అట్ట తడిసి మరింత మెత్తబడుతుంది, పక్క పెట్టెల లేబుళ్లు పాడవుతాయి. అందుకని సీసాల మోత బలాన్ని లెక్కలోకి తీసుకోకుండా, అదనపు భద్రతగా మాత్రమే వదిలేయడం మేలు.

ఇక్కడే నష్టం లెక్క కూడా వేసుకోవాలి. పెట్టెకు ఆదా 1.96 రూపాయలు. సీసా విలువ 60 రూపాయలైతే, పాడైన ఒక పెట్టె 1,440 రూపాయలు. అంటే అదనంగా 735 పెట్టెలకు ఒకటి పాడైనా ఇద్దరికీ కలిపి వచ్చిన మొత్తం ఆదా తుడిచిపెట్టుకుపోతుంది. తొమ్మిది టన్నుల లారీలో పట్టేవి సుమారు 750 పెట్టెలు. లారీకి ఒక పెట్టె అన్నమాట. ప్రయత్నం చేసి చూశాం, ఏమీ కాలేదని చెప్పేవారు సాధారణంగా రెండు మూడు వందల పెట్టెలు పంపి చూసినవారు. అంత చిన్న ప్రయోగంలో ఇంత చిన్న నష్టం కనిపించే అవకాశమే తక్కువ. ఒక్కటీ పాడవకుండా వెళ్తే నష్టం ఆ హద్దు లోపలే ఉందని నూటికి 95 పాళ్లు నమ్మాలంటే, సుమారు 2,200 పెట్టెలు, అంటే మూడు లారీలు పోవాలి. ఒకటో రెండో పాడైతే ఇంకా ఎక్కువ పంపాలి. ఆ లారీలు అతి దూరపు మార్గంలో, వర్షాకాలంలో వెళ్లాలి. మార్చిలో పక్క జిల్లాకు పంపిన లారీ ఏమీ రుజువు చేయదు. పాత పెట్టెలతో ఇప్పటికే ఎన్ని పాడవుతున్నాయో నమోదు లేకపోతే పోల్చడానికి ఏదీ ఉండదు కాబట్టి, అంతకు ముందు రెండు నెలలు ఆ లెక్క రాసుకోవాలి. ప్రయోగశాల పరీక్షలకు భారతీయ ప్యాకేజింగ్ సంస్థ వంటి చోట్ల ఏర్పాట్లు ఉన్నాయి, దాని శాఖ హైదరాబాదులోనూ ఉంది.

రవాణాలో మిగులు గురించి ప్రతిపాదనల్లో గొప్పగా రాస్తుంటారు. ఈ సందర్భంలో అది చాలా తక్కువ. లారీకి 75 కిలోలు తగ్గితే అదనంగా ఆరు పెట్టెలు పడతాయి, అంతే. మడిచిన ఖాళీ పెట్టెలు కర్మాగారానికి వచ్చేటప్పుడు లారీ బరువుతో కాక చోటుతో నిండుతుంది కాబట్టి అక్కడ మిగిలేదేమీ లేదు. దీన్ని లెక్కలో వేయకపోతేనే ప్రతిపాదనకు నమ్మకం పెరుగుతుంది.

ఒప్పందం రాసేటప్పుడు ఎక్కువ గొడవ తెచ్చేది కాగితం ధర. క్రాఫ్ట్ కాగితం ధర కొన్ని నెలల్లోనే కిలోకు మూడు నాలుగు రూపాయలు అటూ ఇటూ ఊగుతుంది. కిలోకు నాలుగు రూపాయలు పెరిగిందనుకుంటే, పాత పెట్టె 29 రూపాయలయ్యేది, కొత్త పెట్టెలో ఆదా 2.36కు పెరుగుతుంది, సగం వాటా తీసేస్తే ధర 27.82 రూపాయలు. మొదటి ధర 26.68 మాత్రమే గుర్తున్న యాజమాన్యానికి, ఖర్చు తగ్గిస్తామని చెప్పి ధర పెంచారనిపిస్తుంది. నిజానికి ఆదా పెరిగింది. అందుకే ఆదాను రూపాయల్లో కాక గ్రాముల్లో రాసుకోవాలి: పాత పెట్టె 580 గ్రాములు, కొత్తది 480, రెండింటినీ ఆ నెల కాగితం ధరతో లెక్క కట్టి, తేడాలో సగం. ఏ ధరను ఆధారంగా తీసుకుంటారో, ఏ తేదీన సవరిస్తారో ముందే చెప్పుకుంటే, మార్కెట్ ఒడుదొడుకులు ఇద్దరి మధ్యకు రావు.

పరీక్షలకూ, ప్రయోగపు లారీలకూ అయిన ఖర్చు ముందుగా తీసేయాలి. అది 72 వేల రూపాయలైతే, మొదటి 37 వేల పెట్టెల ఆదా దానికే పోతుంది. ఆ ఖర్చు పెట్టినవారికి అది తిరిగి వచ్చిన తర్వాతే పంపకం మొదలవుతుంది.

వాటా ఎప్పుడూ ధర రూపంలోనే ఇవ్వనవసరం లేదు. చిన్న పెట్టెల తయారీదారుకు కాగితం మిల్లు అప్పు ఇచ్చే గడువు తక్కువ, పెట్టెల డబ్బు వచ్చే గడువు ఎక్కువ, మధ్యలో నడిచేది బ్యాంకు వడ్డీ. సూక్ష్మ, చిన్న సంస్థలకు ఒప్పందం ఉన్నా 45 రోజులు దాటకుండా చెల్లించాలని 2006 నాటి ఎమ్‌ఎస్‌ఎమ్‌ఈడీ చట్టం చెబుతోంది. ఆ 45 రోజులను 15కు తగ్గిస్తే, ఏడాదికి 51 లక్షల కొనుగోలుపై 12 శాతం వడ్డీ చొప్పున అతనికి మిగిలేది దాదాపు 51 వేల రూపాయలు. చేతిలో నగదు ఉన్న కొనుగోలుదారుకు ఇది తక్కువ ఖర్చుతో ఇవ్వగల వాటా, అతనికి మాత్రం 98 పైసల్లో పావు వంతుకు పైగా విలువైనది.

తయారీదారు బయటకు చెప్పని భయం మరొకటి ఉంటుంది. కొత్త పెట్టె కొలతలు తనతో కలిసి తేల్చుకుని, పరీక్షలు తనచేత చేయించుకుని, ఆ కాగితాన్ని మరో ముగ్గురికి పంపి ధరలు అడుగుతారేమో అన్నది ఆ భయం. ఆ పని చేసిన కొనుగోలుదారుకు ఒకసారి తక్కువ ధర దొరుకుతుంది, రెండోసారి ఏ తయారీదారూ నోరు విప్పి సలహా చెప్పడు. పద్దెనిమిది నెలలపాటు ఈ కొలతలతో మరెవరి దగ్గరా ధర అడగబోమని, ఏడాదికి కనీసం ఇన్ని పెట్టెలు కొంటామని రాసి ఇవ్వడం ఈ భయానికి తగిన సమాధానం. ఆ గడువు ముగిశాక ఆదా మొత్తం ధరలో కలిసిపోయి కొనేవారిదవుతుంది, కన్వర్షన్ మాత్రం పెట్టెకు ఇంత అన్న పద్ధతిలోనే కొనసాగుతుంది.

బదులుగా తయారీదారు వైపు నుంచి రావలసింది ఒక్కటే: ప్రతి లోడు నుంచి ఐదు పెట్టెలు తూచడానికి, నెలకొకసారి ఒకదాన్ని నానబెట్టి పొరలు చూడడానికి, ఆ ఫలితాన్ని ఇద్దరూ సంతకం చేసిన పుస్తకంలో రాయడానికి అంగీకారం. సగటు 470 గ్రాముల కిందికి జారితే ఆ నెల వాటా ఆగుతుంది, కారణం తేలాక మళ్లీ మొదలవుతుంది. గోదాములో పదో వరుస వేసిన రోజున పాడైన పెట్టెలకు మాత్రం కొనేవారే బాధ్యులు. అందుకు పెట్టె పక్కనే తొమ్మిది వరుసలకు మించి పేర్చరాదన్న గుర్తును ముద్రించడం, ఆ ముద్రణ అచ్చు ఖర్చును పైన చెప్పిన 72 వేలల్లోనే కలపడం ముందుగానే తేల్చుకోవాలి.